ఆచారాలు వేరైనంత మాత్రాన అన్నీ సమానంగా సరైనవి అవుతాయా?

ప్రశ్న: "ఒక సమాజం తప్పనేదాన్ని ఇంకో సమాజం ఒప్పంటుంది. ఎవరు పెరిగిన తీరును బట్టి వారి నీతి ఉంటుంది. అలాంటప్పుడు 'మీరు చేస్తున్నది తప్పు' అని ఇంకో సంస్కృతి వారితో అనడం అహంకారం కాదా? సార్వత్రిక విలువలు అనేవి బలవంతులు తమ విలువలకు పెట్టుకున్న పేరేనేమో?"

సమాధానం:

నేను ఇరవై ఏళ్లకు పైగా నీతిశాస్త్రం బోధిస్తున్నాను. దాదాపు ప్రతి సంవత్సరం తరగతిలో ఎవరో ఒకరు ఈ సందేహాన్ని లేవనెత్తుతారు. ఇతరులను చిన్నచూపు చూడకూడదన్న మంచి మనసుతోనే ఎక్కువమంది దీన్ని అడుగుతారు కనుక ఆ ఉద్దేశం పట్ల నాకు గౌరవం ఉంది. అయితే ఏ సమాజం ఒప్పన్నది ఆ సమాజానికి ఒప్పే అనే నైతిక సాపేక్షవాదం ఆ ఉద్దేశానికి అండగా నిలబడదనీ, లోతుకు వెళితే దాన్ని దెబ్బతీస్తుందనీ నా అభిప్రాయం. అందుకు కారణాలను కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా వాదాన్ని మన తర్కశాస్త్రం పద్ధతిలో విడదీసి చూద్దాం. "నీతి విషయంలో అందరికీ వర్తించే ఒప్పంటూ లేదు" అన్నది ప్రతిజ్ఞ, అంటే నిరూపించదలచిన మాట. "ఎందుకంటే సమాజాలు ఏకీభవించడం లేదు" అన్నది హేతువు. హేతువు ఎక్కడెక్కడ ఉంటే అక్కడల్లా సాధ్యం, అంటే మనం నిరూపించదలచినది, కూడా ఉండాలి. ఈ తప్పని జతనే వ్యాప్తి అంటారు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న వ్యాప్తి నిలిచినప్పుడే పొగను చూసి నిప్పు ఉందని చెప్పగలం. మరి ఏకాభిప్రాయం లేనిచోటల్లా సత్యం కూడా లేకుండా పోతుందా? 1847లో వియన్నాలోని పెద్దాసుపత్రిలో ప్రసవించిన తల్లులు జ్వరంతో చనిపోతుంటే, కారణం చెడుగాలి అని కొందరు వైద్యులు, శరీర ప్రకృతి అని మరికొందరు అనేవారు. శవాలను కోసి పరీక్షించిన చేతులతోనే ప్రసవాలు చేయడం వల్ల ఈ జ్వరం వస్తోందని సెమెల్వైస్ అనే వైద్యుడు చెప్పి, క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించాడు. మరణాలు బాగా తగ్గినా, ఆ తర్వాత ఎన్నో ఏళ్ల పాటు పేరున్న వైద్యులే ఆయనతో ఏకీభవించలేదు. వాదులాట సాగినంత కాలమూ జ్వరానికి కారణం మారలేదు. భిన్నాభిప్రాయం సత్యం లేనిచోటా ఉంటుంది, ఉన్నచోటా ఉంటుంది. ఇలాంటి హేతువును మన తార్కికులు అనైకాంతికం అన్నారు, అంటే రెండు పక్షాల్లోనూ కనిపించేది కనుక ఏ పక్షాన్నీ నిరూపించలేనిది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇంతటితో సార్వత్రిక విలువలు ఉన్నాయని నిరూపణ అయిపోలేదు. ఆచారాల తేడాను చూపి వాటిని కొట్టివేయడం కుదరదని మాత్రమే తేలింది. నీతి అనేది వైద్యం లాంటిది కాదు, రుచి లాంటిదని మీరు అనవచ్చు. "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అనే మాట మన భాషలోనే ఉంది. అయితే ఆ సామెత పక్కపక్కన పెట్టిన రెండూ ఒకే రకానికి చెందినవి కావు. నిన్నటి దాకా నచ్చిన రుచి ఇవాళ నచ్చకపోతే "ఇప్పుడు నచ్చడం లేదు" అంటామే తప్ప "నిన్న నాకు నచ్చడం పొరపాటు" అనం. ఒకరిని అకారణంగా అవమానించిన మనిషి పదేళ్ల తర్వాత మనసు మార్చుకుంటే మాత్రం "ఇప్పుడు అవమానించడం నచ్చడం లేదు" అనడు, "ఆ రోజు నేను చేసింది తప్పు" అంటాడు. తనకు తప్పనిపించని ఆ రోజు కూడా అది తప్పే అయి ఉండాలన్నది ఆ వాక్యంలోని భావం. నైతిక తీర్పు కేవలం అభిరుచే అయితే ఈ వాక్యానికి అర్థమే ఉండదు. కాని దాన్ని మనందరం ఏదో ఒక రోజు మనస్ఫూర్తిగా అన్నవాళ్లమే.

ఇక సాపేక్షవాదానికి అందరూ చూపించే పాత కథకు వద్దాం. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరోడొటస్ చెప్పిన కథ అది. పర్షియా రాజు డరియస్ తన కొలువులో ఉన్న గ్రీకులను పిలిచి, ఎంత సొమ్ము ఇస్తే చనిపోయిన తండ్రుల శరీరాలను తింటారని అడిగాడు. ఎంత ఇచ్చినా చేయమన్నారు. తర్వాత, చనిపోయిన తల్లిదండ్రులను తినే ఆచారమున్న కల్లతీయులు అనే జనాన్ని పిలిపించి, ఆ గ్రీకులు వింటుండగానే, ఎంత ఇస్తే తండ్రులను దహనం చేస్తారని దుబాసీ ద్వారా అడిగాడు. అలాంటి మాట అనవద్దని వారు గట్టిగా కేకలు వేశారు. ఆచారమే అందరికీ రాజు అన్న పిండార్ కవి మాట సరైనదేనని హెరోడొటస్ ముక్తాయించాడు.

ఈ కథను చదివినవారు సాధారణంగా తేడా దగ్గరే ఆగిపోతారు. ఆ రెండు గుంపులూ ఎందుకు కేకలు వేశాయో చూడండి. చనిపోయిన తండ్రికి జరగవలసిన గౌరవం జరగకుండా పోతుందన్న భయం ఇద్దరిదీ. గౌరవాన్ని దహనంతో చూపాలా, మరో విధంగా చూపాలా అన్నదే తేడా. ఈ సంగతి ఇంతకు ముందే చాలామంది చెప్పారు కనుక దీని మీద ఎక్కువసేపు నిలవను. ఈ కథ అసలు ఎక్కడ, ఏ సందర్భంలో వస్తుందన్నది నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. డరియస్ కంటే ముందు రాజ్యమేలిన కంబైసెస్ ఈజిప్టును జయించి, అక్కడి పవిత్ర వస్తువులను, ఆచారాలను వెక్కిరించాడు. అతనికి పిచ్చి పట్టి ఉండాలని, లేకుంటే ఇతరులు పవిత్రంగా చూసుకునేవాటిని అలా అపహాస్యం చేసి ఉండడని చెప్పడానికే హెరోడొటస్ ఈ కథను తెచ్చాడు. అంటే సాపేక్షవాదానికి మూలకథగా చెలామణి అవుతున్న ఈ వృత్తాంతం నిజానికి ఒక తీర్పుకు సాక్ష్యంగా చెప్పినది. ఆ తీర్పు గ్రీకులకు మాత్రమే వర్తించేది కాదు. పర్షియా రాజు ఈజిప్టులో చేసిన పనిని ఒక గ్రీకు రచయిత తప్పుపడుతున్నాడు. ఇతరుల ఆచారాలను గౌరవించాలన్న మాట నిలవాలంటే అది అందరికీ వర్తించే మాటే కావాలి. జయించిన జనాన్ని వెక్కిరించడమే తన ఆచారమని కంబైసెస్ అని ఉంటే, నిజమైన సాపేక్షవాది దగ్గర దానికి సమాధానం లేదు. మీ ప్రశ్నలోని "అహంకారం" అన్న మాట కూడా ఇలాంటి తీర్పే. అహంకారం ఏ సంస్కృతిలో పుట్టినవారికైనా తప్పేనని నమ్మినప్పుడే ఆ మాటకు బలం ఉంటుంది.

అయితే గౌరవం, అంత్యక్రియలు వంటి ఉదాహరణలు తేలికైనవి. వాటి వల్ల బతికున్న మనిషికి దెబ్బ తగలదు. అసలు పరీక్ష ఒకరు భరించలేని బాధ అనుభవించే ఆచారం దగ్గర వస్తుంది. అందుకే చైనాలో సుమారు 11వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా సాగిన పాదబంధనాన్ని తీసుకుంటాను. నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య వయసులో ఉన్న ఆడపిల్ల పాదానికి బొటనవేలు వదిలేసి, మిగతా నాలుగు వేళ్లను అరికాలి కిందికి మడిచేవారు. పొడవాటి గుడ్డతో పాదాన్ని మడమ వైపు లాగి బిగించి, కొన్ని రోజులకోసారి విప్పి ఇంకా గట్టిగా కట్టేవారు. కాలక్రమేణా వేళ్ల ఎముకలు విరిగి అరికాలి వంపు పైకి లేచేది. చీము పట్టడం, వేళ్లు ఊడిపోవడం కూడా జరిగేవి. మూడు చైనా అంగుళాల పాదం, అంటే సుమారు 10 సెంటీమీటర్లది, ఆదర్శంగా ఉండేది. ఈ పని చేసేది ఎక్కువగా తల్లే. పైపైన చూస్తే సాపేక్షవాదికి ఇంతకంటే అనుకూలమైన ఉదాహరణ దొరకదు. సమాజమంతా ఒప్పుకున్నది, స్త్రీలే స్త్రీలకు చేసినది, వందల ఏళ్లు నిలిచినది. బయటివారం మనకు నచ్చకపోతే అది మన పెంపకం అనేయవచ్చు.

కాని ఆ సమాజం లోపలి గొంతులు వినండి. 13వ శతాబ్దంలో, ఈ ఆచారం ఇంకా విస్తరిస్తున్న రోజుల్లో, చే రువోష్వే అనే పండితుడు తన రాతల్లో దీన్ని ప్రస్తావించాడు. నాలుగైదేళ్లు కూడా నిండని పిల్లలు, ఏ పాపమూ ఏ నేరమూ చేయనివారు, అంతులేని బాధ అనుభవించేలా చేస్తున్నారని, పాదాలను అలా చిన్నవిగా కట్టడం వల్ల ఏమిటి ప్రయోజనమో తనకు తెలియడం లేదని ఆయన రాశాడు. పాశ్చాత్య మిషనరీలు, విదేశీ పత్రికలు, ఐక్యరాజ్యసమితి ఇవేవీ లేని కాలమది. ఆయన చెప్పిన కారణాలు మూడు. ఆ పిల్ల ఏ నేరమూ చేయలేదు. ఆమె పడే బాధకు అంతు లేదు. దానికి ఒక ప్రయోజనం కనబడదు. ఇవాళ ప్రపంచంలో ఎవరైనా దీన్ని తప్పుపట్టాలంటే ఈ మూడు మాటలే చెప్పాలి.

సాపేక్షవాదం ఈ పండితుడి గురించి ఏమంటుందో చూడండి. ఒప్పు అంటే ఆ సమాజం ఆమోదించేదే అయితే, తన సమాజం ఆమోదించినదాన్ని ప్రశ్నించిన రోజున ఆయన మాట నిర్వచనం ప్రకారమే తప్పు. ఆరువందల ఏళ్ల తర్వాత ఎక్కువమంది ఆయన వైపుకు వచ్చాక ఆ మాట ఒప్పవుతుంది. ఈ మధ్యకాలంలో ఏం మారింది? పిల్ల నేరం చేయకపోవడం మారలేదు, బాధ మారలేదు. లెక్కలో ఎన్ని చేతులు లేచాయన్నది మాత్రమే మారింది. సంస్కర్తలందరి గతీ ఇంతే అవుతుంది, తన సమాజాన్ని లోపలి నుంచి విమర్శించే ప్రతి మనిషీ ఆ క్షణాన తప్పుచేసినవాడే అవుతాడు. సంస్కృతులను గౌరవించాలని బయలుదేరిన సిద్ధాంతం, ఆ సంస్కృతిలోనే పుట్టి దాని బాగు కోరినవారి నోరు నొక్కడంతో ముగుస్తుంది. సాపేక్షవాదం మీద నాకున్న అభ్యంతరాలన్నిటిలోకీ ఇదే పెద్దది. సంస్కృతి అనగానే ఒక్క గొంతుతో మాట్లాడే మనిషిని ఊహించుకుంటాం. నిజానికి ప్రతి సంస్కృతీ లోపల ఎడతెగని వాదులాటే. అందులో ఏ పక్షాన్ని "వారి అభిప్రాయం" అని పిలుస్తామో ఎంచుకోవడంలోనే మనం ఒక తీర్పు ఇచ్చేస్తున్నాం, తరచుగా అది గట్టిగా మాట్లాడగలిగినవారి పక్షాన ఉంటుంది.

19వ శతాబ్దం మొదటి భాగంలో ఒక చైనా నవలాకారుడు ఇంకో పని చేశాడు. స్త్రీలు పాలించే ఒక రాజ్యానికి వెళ్లిన మగ వర్తకుడిని పట్టుకుని అంతఃపురంలో పెట్టి, అతని పాదాలను కట్టినట్టు రాశాడు. గుడ్డ బిగించడం, అతను ఏడవడం, రాత్రిపూట విప్పుకోవడం, పట్టుబడి దెబ్బలు తినడం అన్నీ అందులో ఉన్నాయి. ఒక చైనా పాఠకుడు దాన్ని చదివేటప్పుడు పాఠకుడి సంస్కృతి మారలేదు, ఆచారమూ మారలేదు. బాధపడే మనిషి స్థానంలో తనలాంటివాడు కనిపించాడంతే. నైతిక ఆలోచనలో సార్వత్రికత అంటే ప్రధానంగా ఇదే. ఒక దేశపు నియమాలను ఇంకో దేశం మీద రుద్దడం వేరు సంగతి. "ఆ చోట నేను ఉంటే" అన్న ప్రశ్నను ఎవరినీ మినహాయించకుండా అడగడం ఏ భాషలోనైనా సాధ్యం.

మరి అంతమంది అంతకాలం ఎందుకు చేశారన్న ప్రశ్న మిగులుతుంది. వారందరూ దాన్ని మంచిదని నమ్మారు కాబట్టి అని అనుకోవడం తొందరపాటు. పాదాలు కట్టని పిల్లకు మంచి సంబంధం దొరకదన్న భయం ప్రతి ఇంట్లోనూ ఉండేది. అలాంటి పరిస్థితిలో ఒక్క కుటుంబం మానేస్తే ఆచారం ఆగదు, ఆ ఒక్క పిల్ల పెళ్లి మాత్రం ఆగుతుంది. ఊళ్లో ప్రతి తల్లీ లోలోపల దీన్ని అసహ్యించుకుంటూ కూడా ప్రతి తల్లీ చేయగలదు. ఆచారం విలువ మీద నిలిచిందా, ఇలాంటి చిక్కుముడి మీద నిలిచిందా అని తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. చిక్కుముడి అయితే, ముడి విడిన రోజున అది ఆశ్చర్యం కలిగించేంత వేగంగా మాయమవుతుంది. బీజింగ్‌కు దక్షిణాన ఉన్న డింగ్ అనే గ్రామీణ జిల్లాలో 1920ల చివర జరిగిన సర్వేలో, 1890కి ముందు పుట్టిన స్త్రీలలో సుమారు 99 శాతం మందికి పాదాలు కట్టి ఉన్నాయి. 1919 తర్వాత పుట్టినవారిలో దాదాపు ఎవరికీ లేవు. వందల ఏళ్ల ఆచారం ఒక్క తరంలో పోయింది. తల్లిదండ్రుల మీద ప్రేమ, పెద్దల పట్ల గౌరవం వంటి విలువలు అదే కాలంలో అంత కుదుపులోనూ అలా తుడిచిపెట్టుకుపోలేదు.

ఈ వివరణకు హద్దులున్నాయి. నూలు వడకడం, నేత వంటి ఇంటిపనుల దగ్గర పిల్లను కదలకుండా కూర్చోబెట్టడమే పల్లెల్లో అసలు కారణమని, మిల్లు గుడ్డలు వచ్చి ఆ పని విలువ పడిపోయాకే ఆచారం సడలిందని కొందరు పరిశోధకులు వాదించారు. అలాగే తమ చిన్న పాదాలను, వాటికి తామే కుట్టుకున్న చెప్పులను చూసి గర్వపడిన స్త్రీలూ ఉన్నారు. వారి గర్వం నిజం కాదని అనే హక్కు నాకు లేదు. పెళ్లి భయం కారణమైనా, పని కారణమైనా ఒక విషయం మాత్రం నిలుస్తుంది. "అందరూ చేస్తున్నారు" అన్న పరిశీలన నుంచి "అందరూ దాన్ని మంచిదంటున్నారు" అన్న నిర్ణయానికి దూకకూడదు. అక్కడి నుంచి "అయితే అది వారికి మంచిదే" అని ఇంకో దూకు దూకడం అసలే కుదరదు. సాపేక్షవాది ఈ రెండు గంతులూ ఒకే ఊపులో వేస్తాడు.

ఇప్పుడు బలవంతుల గురించి మీరు లేవనెత్తిన అనుమానానికి వస్తాను, అది తేలిగ్గా తీసివేయదగినది కాదు. నాగరికత నేర్పుతామన్న పేరుతో వలస పాలకులు చేసిన దౌర్జన్యం చరిత్రలో ఉంది. దాన్ని దృష్టిలో పెట్టుకునే 1947లో అమెరికా మానవశాస్త్రవేత్తల సంఘం ఐక్యరాజ్యసమితికి ఒక ప్రకటన పంపింది. విలువలు ఏ సంస్కృతికి చెందినవి ఆ సంస్కృతికి సాపేక్షమైనవని, ఒక సంస్కృతి నమ్మకాల నుంచి పుట్టిన సూత్రాలను మానవాళి అంతటికీ వర్తింపజేయడం సరికాదని అందులో హెచ్చరించింది. యుద్ధం ముగిసి రెండేళ్లే అయిన ఆ రోజుల్లో, మరి నాజీల మాటేమిటన్న ప్రశ్న ఆ సంఘం సభ్యుల్లోనే లేచింది. అదే సంఘం 1999లో మానవ హక్కుల మీద వేరే ప్రకటనను ఆమోదించి, హక్కులకు మద్దతు పలికింది.

మరి ఆ రోజుల్లో సార్వత్రికత కోసం పట్టుబట్టింది ఎవరు? 1948 డిసెంబరు 10న మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన 48 ఓట్లతో ఆమోదం పొందింది. వ్యతిరేకంగా ఎవరూ ఓటు వేయలేదు, ఎనిమిది దేశాలు తటస్థంగా ఉన్నాయి. ముసాయిదా పనిలో చైనాకు చెందిన పి. సి. చాంగ్, లెబనాన్‌కు చెందిన చార్లెస్ మాలిక్ ముఖ్యపాత్ర వహించారు. మొదటి అధికరణంలో "పురుషులందరూ" అన్న అర్థమిచ్చే మాట తీసి "మానవులందరూ" అన్న మాట రావడానికి భారత ప్రతినిధి హంసా మెహతా కారణం. తటస్థంగా ఉన్నవారిలో అప్పుడే వర్ణవివక్షను రాజ్యవిధానంగా మలుస్తున్న దక్షిణాఫ్రికా ఉంది. రెండేళ్ల తర్వాత, 1950లో, ఆ హక్కులను ఒప్పందంగా మార్చే చర్చలో వలస రాజ్యాలు తమ వలసలకు మినహాయింపు కావాలన్నాయి. ఆ ప్రజల నాగరికత దశ వేరు, సంప్రదాయాలు వేరు, కాబట్టి అవే నియమాలు వెంటనే వర్తించవన్నది వారి వాదం. దాన్ని గట్టిగా ఎదిరించినవారిలో కొత్తగా స్వతంత్రమైన దేశాల ప్రతినిధులు ముందున్నారు. సాపేక్షవాదపు మాటలు ఆ రోజు బలవంతుల నోటి నుంచి వచ్చాయి. సార్వత్రిక విలువల మాటను బలవంతులు వాడుకోలేదని నేను అనను. అయితే బలవంతుడు తానే చెప్పిన సూత్రాన్ని తనకు వర్తింపజేయకపోవడం ఒక రకం తప్పు, సూత్రమే తప్పు కావడం ఇంకో సంగతి. మొదటిదాన్ని ఎత్తిచూపాలన్నా ఆ సూత్రం అందరికీ వర్తిస్తుందన్న ఆధారం కావాలి.

నా పక్షానికి ఎదురయ్యే అతి బలమైన వాదాన్ని చెప్పకపోతే నా సమాధానం నిజాయితీగా ఉండదు. జె. ఎల్. మాకీ అనే తత్త్వవేత్త 1977లో దాన్ని స్పష్టంగా పెట్టాడు. భిన్నాభిప్రాయం ఉండటం ఒక్కటే చాలదని ఆయన కూడా ఒప్పుకుంటాడు. శాస్త్రంలో తేడాలు ఆధారాలు చాలకపోవడం వల్ల వస్తాయి, నీతిలో తేడాలు మాత్రం జీవన విధానాల వల్ల వస్తాయంటాడు. ఒక్కరినే పెళ్లాడే సమాజంలో పెరిగినవారు అదే ధర్మమంటారు. అది ధర్మమని ముందు కనిపెట్టి, ఆ తర్వాత అలా బతకడం మొదలుపెట్టారని అనుకోవడం కష్టం. ఈ మాటలో చాలా నిజముంది. మన నమ్మకాలు ఎక్కువ భాగం మనకు అలవాటైన బతుకు నీడలే. కాని చే రువోష్వే వంటివారి మాట ఈ లెక్కలో ఇమడదు. అలవాటైన బతుకు ఒకవైపు లాగుతుంటే వారి తీర్పు ఇంకోవైపు వెళ్లింది, పైగా అది కారణాలను చూపిస్తూ వెళ్లింది. ఇంకో ముఖ్యమైన సంగతి చాలామంది గమనించరు. మాకీ వాదమే గెలిచిందనుకుందాం. అప్పుడు కూడా "అన్ని అభిప్రాయాలూ సమానంగా సరైనవి" అన్నది తేలదు. ఆయన చేరిన ముగింపు వేరు, ఇందులో ఏ తీర్పూ వాస్తవం మీద నిలబడదు కనుక అన్నీ పొరపాట్లేనన్నాడు ఆయన. అది కఠినమైన సంశయవాదం. ఎవరి నీతి వారికి ఒప్పే అన్న మెత్తటి మాటకు అందులో చోటు లేదు, ఎందుకంటే ఆ మాటకు "ఒప్పు" అన్నది ఇంకా కావాలి.

నేను ఒప్పుకునే బహుళత్వం ఒకటుంది. కుటుంబం మాటకు ఎంత విలువ ఇవ్వాలి, వ్యక్తి ఇష్టానికి ఎంత, పెద్దవారిని ఇంట్లోనే చూసుకోవాలా వేరే ఏర్పాట్లు చేయాలా, నిజాన్ని మొహం మీదే చెప్పాలా సున్నితంగా చుట్టు తిప్పి చెప్పాలా అన్న విషయాల్లో ఒకటికి మించిన సరైన జవాబులున్నాయి. ఇక్కడ ఏ పక్షాన్ని ఎంచుకున్నా మరో మంచిని కొంత వదులుకుంటాం, ఏది వదులుకోవాలో పరిస్థితిని బట్టి ఒక్కో సమాజం ఒక్కోలా నిర్ణయించుకుంటుంది. ఒకటికి మించిన సరైన జవాబులు ఉన్నాయన్నంత మాత్రాన తప్పు జవాబే లేదని అర్థం కాదు. ఒక నదిని దాటడానికి అనేక రేవులు ఉండవచ్చు, సుడిగుండం ఉన్న చోటును కూడా రేవు అనలేం. ఒక ఆచారం ఏ కోవకు చెందుతుందో తేల్చుకోవడానికి నేను ఎప్పుడూ మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. దాని భారం ఎవరి మీద పడుతోంది, భయం లేకుండా మాట్లాడే వీలు దొరికితే ఆ మనిషి ఏమంటాడు? నాలుగేళ్ల పిల్లకు ఆ వీలు ఎన్నడూ లేదు.

చివరగా అహంకారం సంగతి. ఒక పనిని తప్పని తీర్మానించడం, దాన్ని బలవంతంగా ఆపించబోవడం వేర్వేరు పనులు. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే చాలామంది తీర్పునే వదులుకుంటున్నారని నాకు అనిపిస్తుంది. పాదబంధనం చరిత్రలోనే ఇది కూడా కనిపిస్తుంది. చైనాను జయించిన మంచూ పాలకులు 1664లో దాన్ని నిషేధించారు. వారి తీర్పు సరైనదే, కాని వారు బయటివారు, ఆజ్ఞ పైనుంచి వచ్చింది, ఏ ఇంటికీ ముందుగా మానే ధైర్యం ఇవ్వలేదు. 1668లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. 19వ శతాబ్దం చివర, విదేశీయులు పెట్టిన సంఘాలతో పాటు, కాంగ్ యౌవెయ్ వంటి చైనా సంస్కర్తలు పెట్టిన సంఘాలూ అదే తీర్పుతో వేరే దారి పట్టాయి. చేరిన కుటుంబాలు కలిసి రెండు విషయాలకు కట్టుబడేవి. తమ కూతుళ్ల పాదాలు కట్టకూడదు, కట్టిన పాదాలున్న అమ్మాయిలను తమ కొడుకులకు చేసుకోకూడదు. మొదటి మాట పిల్లను బాధ నుంచి తప్పించింది. రెండో మాట వల్ల, ఆ పిల్ల తల్లిదండ్రులు ఇన్ని తరాలుగా భయపడుతూ వచ్చిన కారణం లేకుండా పోయింది.